‘మనం ముందే అనుకున్నాం’ అని ఏఐ యాప్ చెప్పిందని మొక్కలు కొనకండి

నల్లగొండ జిల్లా బత్తాయి రైతులకు, ముఖ్యంగా ఈసారి కొత్తగా తోట పెడుతున్నవారికి ఈ మాట చెప్పాలి. మూడెకరాలకు ఎన్ని అంట్లు కావాలో ఫోనులోని ఏఐ యాప్‌ను అడిగి, 77 మొక్కలు ఎక్కువ కొన్నాను.

‘మొన్న అనుకున్న దూరం ప్రకారం లెక్క చెప్పు’ అని రాశాను. మనం 18 అడుగులు అనుకున్నాం కదా అంటూ, 403 మొక్కలని తేల్చింది. లెక్కలో తప్పు లేదు. ఎకరం 43,560 చదరపు అడుగులు, దాన్ని మూడుతో గుణించి, 18ని 18తో గుణిస్తే వచ్చే 324తో భాగిస్తే వచ్చేది అంతే. తప్పంతా ఆ 18లోనే ఉంది. నేను 20 అడుగులని మాట్లాడుకున్నది మా మామయ్యతో, పొలం గట్టు మీద. ఆ లెక్కన 326 చాలు. గోతులు తీసిన మనిషి ‘మొక్కలు మిగులుతున్నాయి, అన్నా’ అన్నప్పుడు గానీ నాకు తెలియలేదు. నర్సరీవాళ్లు వెనక్కి తీసుకోలేదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఆ రాత్రి కూర్చుని చూశాను. నేను అడిగింది కొత్త చాట్‌లో. జ్ఞాపకం ఉంచుకునే సెట్టింగు ఆపేసి ఉంది. అంటే ఆ పేజీలో నేను రాసింది తప్ప దానికి వేరే ఏదీ కనిపించదు. ‘మొన్న అనుకున్న’ అని దారి చూపింది నేనే. అలా అడిగితే ఎలాంటి జవాబు వస్తే సబబుగా ఉంటుందో అలాంటిదే అల్లి ఇస్తుంది. గుర్తున్నప్పుడూ ఊహించినప్పుడూ దాని గొంతు ఒకటే, అదే అసలు చిక్కు.

కాబట్టి పాత చాట్ల జాబితా తెరిచి, ‘అడుగులు’ అని ఒకసారి, ‘18’ అని ఒకసారి వెతకండి. ఎప్పుడు అన్నానో చూపించమని దాన్నే అడిగితే లాభం లేదు, లేని మాటను కూడా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇవ్వగలదు. గద్దిస్తే క్షమాపణ చెబుతుంది, కానీ నిజం చెప్పినప్పుడు గద్దించినా చెబుతుంది. ఆ క్షమాపణను రుజువు అనుకోకండి. నేను పరీక్షకని, ఎన్నడూ ఎత్తని దానిమ్మ తోట గురించి ‘నిన్న ఎన్ని మొక్కలనుకున్నాం?’ అని అడిగాను. తడుముకోకుండా ఒక సంఖ్య చెప్పింది!

జ్ఞాపకం సెట్టింగు ఆన్‌లో ఉంటే నిజంగానే పాత మాట తేవచ్చు. అయితే చాలా యాప్‌లలో అది దాచుకునేది పొట్టి సారాంశమే. సెట్టింగుల్లోకి వెళ్లి అక్కడ ఏముందో చదవండి. ఇంట్లో పిల్లలు మీ ఫోనే వాడుతుంటే వాళ్ల మాటలూ అందులో కలిసి ఉండవచ్చు. పాత చాట్‌లో 18 దొరికినా, అది మీరు రాసిందా, అప్పుడు కూడా అదే ఊహించి చెప్పిందా చూసుకుని, ఆ తర్వాత నర్సరీకి డబ్బు కట్టండి.