వాట్సాప్ బిజినెస్ చాలాకాలం వాడాక: లేబుళ్లు భేష్, ఆటోమేటిక్ మెసేజ్‌లు జాగ్రత్త

మేం బ్యాగులు అమ్ముతాం. ఆర్డర్లన్నీ వాట్సాప్ బిజినెస్‌లోనే వస్తాయి. రోజంతా "ఇది ఉందా?", "రేటెంత?" అనే మెసేజ్‌లే. ఇన్నాళ్లు వాడాక నా ఓటు మాత్రం చాట్‌లకు గుర్తుగా తగిలించుకునే లేబుళ్లకే.

యాప్ ముందే ఇచ్చే లేబుళ్లలో 'కొత్త కస్టమర్' లాంటివి ఉంటాయి. అవి నాకు పెద్దగా అక్కరకు రాలేదు. కస్టమర్ ఎవరన్నది కాదు, ఆ చాట్‌లో ఇప్పుడు నేను చేయాల్సిన పనేంటన్నది తెలియాలి. అందుకే 'రేటు చెప్పాలి', 'డబ్బు రావాలి', 'పంపాలి', 'ఫిర్యాదు' అని నాలుగే పెట్టుకున్నాను. ఇరవై దాకా పెట్టుకోవచ్చు కానీ, అన్ని ఉంటే ఏది తగిలించాలో ఆలోచించడానికే టైమ్ సరిపోతుంది. పొద్దున్నే 'పంపాలి' నొక్కితే ప్యాకింగ్ లిస్టు రెడీ. ఒక్కటే తిప్పలు: డబ్బు వచ్చాక 'డబ్బు రావాలి' దానంతటది పోదు, మనమే తీసేయాలి. కట్టేసినవాళ్లను మళ్లీ డబ్బు అడిగితే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. అందుకే పేమెంట్ అందిందని రాసిన వెంటనే, చాట్ మూయకముందే లేబుల్ మార్చేస్తాను.

దానంతటదే వెళ్లే గ్రీటింగ్ మెసేజ్ సంగతి కొంచెం చూసుకోవాలి. అది కొత్తవాళ్లకే వెళ్తుందనుకుంటాం. పద్నాలుగు రోజులు మాటామంతీ లేని పాత కస్టమర్ మెసేజ్ పెట్టినా వెళ్తుంది. నెల క్రితం కొన్నావిడ "జిప్ ఊడిపోయిందండీ" అని ఫొటో పెడితే, వెంటనే "స్వాగతం! మా కొత్త కలెక్షన్ చూడండి" అని జవాబు వెళ్తే ఎలా ఉంటుంది? అందుకని మాది ఇలా ఉంచాం: "మీ మెసేజ్ అందిందండి. కొత్త బ్యాగు కోసమైతే కేటలాగ్‌లో నచ్చినదాని మీద నొక్కి అడగండి. కొన్నదాంట్లో సమస్య ఉంటే ఒక ఫొటో పంపండి." ఎవరికి వెళ్లినా అతికినట్టే ఉంటుంది. షాపు మూశాక దానంతటదే వెళ్లే 'Away' మెసేజ్‌కి ఇంకో మెలిక ఉంది. ఫోన్‌లో నెట్ ఆన్‌లో ఉంటేనే అది వెళ్తుంది. రాత్రి డేటా ఆపి పడుకుంటే అవతలివాళ్లకు ఏమీ అందదు.

క్విక్ రిప్లైలు మాత్రం ఏ గొడవా లేనివి. `/size` అని కొడితే ముందే రాసి పెట్టుకున్న కొలతలన్నీ వచ్చేస్తాయి, పంపేముందు పేరు చేర్చుకోవచ్చు. పంపేది మనమే కాబట్టి తేడా కొట్టదు.

కేటలాగ్‌లో ఐదువందల వస్తువులు పెట్టొచ్చు. కస్టమర్ ఏదైనా బ్యాగు పేజీలోంచి మెసేజ్ చేస్తే ఆ బ్యాగు కూడా చాట్‌లోకి వస్తుంది. "ఏ బ్యాగండీ?" అని అడిగే పని తప్పింది. స్టాకు లెక్క మాత్రం అది చూడదు. ఆఖరి పీసు అమ్ముడుపోయినా దర్జాగా కనిపిస్తూనే ఉంటుంది, మనమే హైడ్ చేయాలి. డిలీట్ చేయకండి, మళ్లీ స్టాకు వస్తే ఫొటోలు, వివరాలు మొదటినుంచి పెట్టుకోవాలి.