చాప్టర్లు మంచివే, వీడియోని కత్తిరించనంతవరకు

యూట్యూబ్‌లో పొడుగు వీడియోలకి చాప్టర్లు పెట్టడం గురించి పోయినేడు ఒక గ్రూపులో నేనే తెగ మెచ్చుకుంటూ రాశాను. ఆ మెచ్చుకోలుని వెనక్కి తీసుకోవట్లేదు గానీ దానికి ఒక తోక తగిలించాలి. ఆ తోక పేరు ట్రిమ్, అంటే ఎక్కించేసిన వీడియోలోంచి ఒక ముక్క కోసేయడం.

మా బావకి ఒడిశాలోని పర్లాకిమిడిలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఆయన పని చేస్తూ చెప్తుంటే నేను ఫోన్‌లో తీసి ఛానల్లో పెడతాను. ఒక్కో వీడియో గంటన్నర ఉంటుంది, ఎందుకంటే కాలిపోయిన కాయిల్ విప్పడం దగ్గర్నుంచి వార్నిష్ దాకా ఏదీ వదలం. అంతా కూర్చుని చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. చేతికి గ్రీజు అంటుకుని, ముందు సగం విప్పిన మోటార్ పెట్టుకుని, "ఈ వైరు ఎక్కడ కలపాలి" అన్న ఒక్క ముక్క కోసం వస్తారు. అలాంటివాళ్ళకి చాప్టర్లు నిజంగా దేవుడిచ్చిన వరమే. డిస్క్రిప్షన్‌లో ఒక్కో లైనుకి ఒక టైము, పక్కన పేరు రాస్తే చాలు, వీడియో కింది గీత ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. మొదటిది 0:00 తోనే మొదలవ్వాలి, కనీసం మూడుండాలి, వరసలో పెరుగుతూ పోవాలి, ఏ ముక్కా పది సెకన్లకి తగ్గకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా మీరు రాసిన చాప్టర్లు రావు. కింది గీత ఎక్కడా విరగకుండా ఒకటే పట్టీలా కనిపిస్తే, ముందు ఈ నాలుగూ చూసుకోండి.

ఇక అసలు గొడవ. 1 HP సింగిల్ ఫేజ్ మోనోబ్లాక్ నీళ్ళ పంపు, 24 స్లాట్ల మోటార్ వీడియో ఒకటి బాగా నడుస్తోంది. అందులో స్లాట్ పేపర్ వేస్తున్నచోట వీధిలో పెళ్ళి ఊరేగింపు పోయింది, బ్యాండు వెనకాల బాక్సుల్లో సినిమా పాట. అది మా మైకులో పడింది, కొన్నాళ్ళకి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. సైట్ ఇచ్చే ఎడిటర్‌లోనే ఆ ముక్క కోసేయొచ్చు, వీడియో లింకు మారదు, వ్యూస్ పోవు, బ్రహ్మాండంగా ఉంది కదా అని 24:05 నుంచి 26:40 వరకు కోసేశాం. క్లెయిమ్ పోయింది. అందరం హాయిగా ఉన్నాం.

తర్వాత గుణుపురం వైపు నుంచి ఒకాయన కామెంట్ పెట్టాడు. మీరు చెప్పినట్టే కట్టాను, మోటార్ తిరుగుతోంది, శబ్దం కూడా బాగుంది, నీళ్ళు మాత్రం సరిగ్గా ఎక్కట్లేదు అని. బావ చదివి ఒక్క క్షణం ఆలోచించి, "ఉల్టా తిరుగుతున్నట్టుందిరా, స్టార్టింగ్ కాయిల్ కొసలు తారుమారై ఉంటాయి" అన్నాడు. సింగిల్ ఫేజ్ మోటార్‌లో రన్నింగ్ కాయిల్‌ని అలాగే ఉంచి స్టార్టింగ్ కాయిల్ రెండు కొసలూ మార్చి కలిపితే మోటార్ ఎదురు దిక్కున తిరుగుతుంది, పంపు ఉల్టా తిరిగితే నీటికి ఊపు రాదు. సరే, కానీ ఏ కొస ఎక్కడికో వీడియోలో స్పష్టంగా చెప్పాం కదా, ఆయనకి ఎలా తప్పింది?

నేను ఫోన్ తీసి "కనెక్షన్" చాప్టర్ నొక్కి చూశాను. బావ అప్పటికే కొసలు కలిపేసి స్లీవ్ తొడుగుతున్నాడు. ఏ కొస కెపాసిటర్‌కి, ఏది కామన్‌కి అని చెప్పిన మాటలన్నీ దాటిపోయాయి. వీడియోలోంచి 2 నిమిషాల 35 సెకన్లు పోయాయి గానీ డిస్క్రిప్షన్‌లోని టైములు ఉన్నచోటే ఉన్నాయి. ఎడిటర్‌కి వీడియో సంగతే తెలుసు, మనం కింద రాసుకున్న అంకెలు దానికి ఉత్త అక్షరాలు. సేవ్ చేసేటప్పుడు ఒక హెచ్చరిక చూపించినా సరిపోయేది, నాకు ఏమీ కనిపించలేదు. మంట అక్కడే. చాప్టర్లు పూర్తిగా మాయమైపోయి ఉంటే వెంటనే తెలిసేది. ఇవి చక్కగా కనిపిస్తూనే తప్పు చోటికి దింపుతున్నాయి.

సరిచేయడం పెద్ద లెక్కేం కాదు. కోతకి ముందున్నవి అలాగే ఉంటాయి, తర్వాతవాటన్నిటిలోంచి 2:35 తీసేయాలి. పాతవి 31:10, 52:30, 1:08:15, 1:21:40. ఇప్పుడు ఇలా ఉంది:

```
0:00 Opening మోటార్ విప్పడం
6:20 Old coil పాత కాయిల్ చుట్ల లెక్క
19:45 Slot paper స్లాట్ పేపర్
28:35 Running coil రన్నింగ్ కాయిల్
49:55 Starting coil స్టార్టింగ్ కాయిల్
1:05:40 Connection కొసలు కలపడం
1:19:05 Varnish వార్నిష్
```

ఇవి మన చేతిలో ఉన్నాయి కాబట్టి మార్చాం. చూసేవాళ్ళు కామెంట్లలో రాసుకున్న టైములు, వాట్సాప్‌లో "ఇక్కడ్నుంచి చూడు" అని పంపుకున్న లింకులు మాత్రం పాతచోటికే పోతున్నాయి, వాటిని మనం ముట్టుకోలేం.

అప్పుడు అక్కరకొచ్చింది పిన్ కామెంటే. అంతకుముందు అక్కడ "లైక్ చేయండి, షేర్ చేయండి" అని ఉండేది, దాన్ని తీసేసి "పాత కామెంట్లలో 24వ నిమిషం తర్వాతి టైములు కనిపిస్తే రెండున్నర నిమిషాలు వెనక్కి వెళ్ళండి, కొసలు కలపడం 1:05:40 దగ్గర" అని పెట్టాం. అక్కడ రాసిన టైము నొక్కితే వీడియో ఆ చోటికి వెళ్తుంది గానీ అది చాప్టర్ అవదు, చాప్టర్‌కి డిస్క్రిప్షన్‌లోనే రాయాలి. పైగా వీడియోకి ఒక్కటే పిన్ చేయగలం, రెండోది పిన్ చేస్తే మొదటిది ఊడుతుంది. అందుకే ఆ జాగా దిద్దుబాట్లకే ఉంచుతున్నాం.

పై జాబితాలో ఇంగ్లీషు ముందెందుకు ఉందని అడుగుతారేమో. మా వైపు ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ చదువు చాలామందిది ఒడియా మీడియం. బావ మాటలు అర్థమవుతాయి, తెలుగు అక్షరాలు చదవలేరు. వాళ్ళు వెతికేది కూడా motor winding telugu, 1hp motor connection అని ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఛానల్ లెక్కల్లో సెర్చ్ నుంచి వచ్చినవాళ్ళు ఏం కొట్టారో చూపిస్తుంది, అందులో చూసి ఈ మాటలు తీసుకున్నాం. డిస్క్రిప్షన్‌లో నొక్కకుండా కనిపించేవి మొదటి ఒకటి రెండు లైన్లే, మావి "అందరికీ నమస్కారం, మా ఛానల్‌కి స్వాగతం" అనడంతోనే అయిపోయేవి. ఇప్పుడు అక్కడ మోటార్ ఎంత హెచ్‌పీ, ఎన్ని స్లాట్లు, ఏ ఫేజ్ అన్నదే ఉంటుంది. గూగుల్‌లో వెతికితే వీడియో కింద ఈ చాప్టర్ పేర్లు కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి, మేం రాసిన ప్రతి వీడియోకీ కాదు. సెర్చ్ నుంచి జనం పెరిగారా అంటే పెరిగినట్టే ఉంది, కాకపోతే అది వేసవి, మోటార్లు కాలే కాలం, కాబట్టి ఘనత అంతా దీనికే ఇవ్వలేను.

ఇప్పుడు క్లెయిమ్ వస్తే కోయట్లేదు, ఆ ముక్కలో శబ్దం తీసేస్తున్నాం. నిడివి మారదు, టైములు కదలవు. బావ మాటా పోతుంది కాబట్టి అక్కడ ఏం చెప్పాడో పిన్ కామెంట్‌లో రెండు ముక్కలు రాస్తాం. మాది చేతి పని కాబట్టి మాట లేకపోయినా చూస్తే సగం తెలుస్తుంది. పాఠాలో, భజనలో పెట్టేవాళ్ళకి ఇది కుదరదు, శబ్దం తీస్తే మిగిలేదేముంది. వాళ్ళు వీడియోని ముందు ప్రైవేట్‌లో ఎక్కించి, కాపీరైట్ తనిఖీ అయ్యాక, కోయాల్సింది కోసి, ఆ తర్వాతే టైములు రాసుకుంటే కొంత నయం. మా వీడియోకి వచ్చినట్టు క్లెయిమ్ నెలలు పోయాక వస్తే మాత్రం మళ్ళీ కూర్చుని తీసివేతలు చేసుకోవాల్సిందే.