అరుపు మెసేజ్‌కి జవాబుగా ముందు ఏం పంపాలి: ప్రశ్నలా, సర్దిచెప్పే మాటా, ఫోనా?

తెల్లవారుజామున 4:40కి, ఆకివీడు పక్క రొయ్యల చెరువు గట్టు మీంచి ఒక రైతు దగ్గర్నుంచి టెక్నీషియన్ ఫోన్‌కి ఇలాంటి మెసేజ్ వచ్చిందనుకుందాం:

`ENTANDI IDI????????? MEERU CHEPPINDE VESAM KADA!!!!`

చెరువు నంబరు లేదు, ఏమైందో లేదు, ఫొటో కూడా లేదు. చదివేవాళ్ల చేతిలో ఉన్నవి రెండే ఆధారాలు: మెసేజ్ వచ్చిన వేళ, ఆ పెద్ద అక్షరాలు. దీనికి జవాబుగా మామూలుగా నాలుగు రకాల మెసేజ్‌లు వెళ్తుంటాయి.

ఎక్కువమంది చేసేది వరసగా ప్రశ్నలు వేయడం. పీహెచ్ ఎంత, నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అదే డీఓ ఎంత, సీడ్ వేసి ఎన్ని రోజులు, రాత్రి మేత ఎంత వేశారు? అడిగినవన్నీ కావలసినవే, కానీ వేళ కాదు. చీకట్లో టార్చి పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ వరస తప్పు తన మీదకు నెట్టే విచారణలా కనిపిస్తుంది. అప్పుడు వచ్చేది `ANNI BAGANE UNNAYI MEERE CHEPPALI`. అంతకన్నా చేటు, కిట్ తియ్యకుండానే నిన్నటి అంకెలు గుర్తుపెట్టుకుని చెప్పేస్తారు. పొద్దుటి పీహెచ్‌కీ సాయంత్రం పీహెచ్‌కీ తేడా ఉంటుంది కాబట్టి ఆ అంకె మీద ఇచ్చే సలహా కూడా తప్పుతుంది.

రెండోది "కంగారు పడకండి, మర్యాదగా రాయండి" అనడం. ఇది అన్నిటికన్నా అధ్వానం. మూడోది వెంటనే క్షమాపణ చెప్పేయడం. వినడానికి బాగుంటుంది గానీ, ఏమైందో తెలియకముందే "మా మందు వల్లే" అన్నట్టవుతుంది. ఆ తర్వాత అసలు కారణం కరెంటు కోత అని తేలినా ఎవరూ నమ్మరు.

నాలుగోది మేలు. మొదటి మెసేజ్‌లో ప్రశ్నే ఉండకూడదు:

"చూశానండి. ఫోన్ దగ్గరే ఉన్నాను. ముందు ఏరేటర్లన్నీ వేసెయ్యండి, కరెంటు లేకపోతే జనరేటర్ మీద. ఈ పూట మేత ఆపెయ్యండి. మిగతాది తర్వాత చూద్దాం."

ఇది ఓదార్పు మాట ఒక్కటే అయితే పనిచెయ్యదు. ఆ వేళకి చెరువులో ఆక్సిజన్ రోజు మొత్తంలో అడుగున ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా ఆల్గే కూడా పీల్చుకుంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకి దిగితే వెనామీ రకం రొయ్య నీరసపడుతుంది. అందుకే జబ్బు ఏదైనా సరే, ఏరేటర్లు వేసి మేత ఆపడం ఆ గంటలో చెరుపు చెయ్యదు. చేతికి పని దొరికితే మనిషి స్క్రీన్ మీంచి చూపు తిప్పి నీళ్ల వైపు చూస్తాడు.

"వేశామండి" అని వచ్చాక ఒకే ప్రశ్న, అదీ కంటితో చూసి చెప్పగలిగేది: "రొయ్యలు గట్టు వారకి వచ్చాయా, లేక చెక్ ట్రేలో మేత మిగిలిందా?" ఇప్పుడు `3va cheruvu. vaaraki vachesayi. 2 ki current poyindi` అని వస్తే సగం పని అయినట్టే. అక్షరాలు చిన్నవయ్యాయి, చెరువు నంబరు వచ్చింది, కారణం కూడా దానంతటదే బయటపడింది. ఇక డీఓ మీటరుంటే చూడమనొచ్చు, ఆక్సిజన్ మాత్రలుంటే ప్యాకెట్ మీది మోతాదులో వెయ్యమనొచ్చు. బెల్లంతో కలిపిన ప్రొబయోటిక్ మాత్రం అప్పుడు వద్దని గట్టిగా చెప్పాలి, అది పెంచే బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌నే తినేస్తుంది. మేత మళ్లీ మొదలుపెట్టేది పొద్దెక్కి, డీఓ 4 దాటాక, అదీ సగం మోతాదుతో.

మరి ఫోన్ చేస్తే? రాత్రి 2 నుంచి 6 లోపు, మొదటి మెసేజ్‌కి అయిదు నిమిషాల్లో జవాబు రాకపోతే, లేదా మళ్లీ `????` మాత్రమే వస్తే ఫోనే మేలు. మాటల వరస మాత్రం అదే: ముందు "ఉన్నానండి", తర్వాత పని, ఆఖరున ప్రశ్న. ఏరేటర్ల మోతలో సగం మాటలు వినబడవు కనుక, పెట్టేశాక చెప్పిందంతా రెండు ముక్కల్లో రాసి పంపాలి. వాయిస్ మెసేజ్‌దీ అదే ఇబ్బంది.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. అదే మెసేజ్ సాయంత్రం 7కి వస్తే సంగతి చెరువుది కాకపోవచ్చు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క మీద కట్టే కౌంట్ రేటు పడిపోయి ఉండొచ్చు, మేత బిల్లులో తేడా వచ్చి ఉండొచ్చు. అప్పుడు ఏరేటర్ల మాటెత్తితే మంట ఇంకా పెరుగుతుంది. "చూశానండి, ఫోన్ దగ్గరే ఉన్నాను. చెరువు సంగతో బిల్లు సంగతో ఒక్క ముక్క రాయండి, అక్కణ్నుంచి చూద్దాం" అంటే చాలు.