కొటేషన్ల పట్టికలో ‘ఎప్పటి నుంచి’ కాలమ్: చాన్నాళ్లు వాడాక నా రివ్యూ

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పర్చేజ్ చూస్తాను. మూడు కొటేషన్లు తెప్పించి, పక్కపక్కన పెట్టి, కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచేసి ఓనరుగారి ముందు పెట్టడం నా రోజువారీ పని. ఎక్సెల్‌లో పట్టిక ఎలా గీయాలో అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోను. ధర, డెలివరీ, వారంటీ, పేమెంట్ అని నాలుగు కాలమ్స్ ఉండే మామూలు పట్టికకి నేను ఇంకొకటి కలిపాను. అదే ‘ఎప్పటి నుంచి’. చాలాకాలంగా వాడుతున్నాను, ఇప్పుడు అది లేని పట్టిక చూస్తే నాకు నమ్మకం కలగదు. ఈ రివ్యూ ఆ ఒక్క కాలమ్ గురించే.

అసలు సంగతి ఏమిటంటే డెలివరీ, వారంటీ, పేమెంట్ మూడూ కాలంతో కొలిచేవే. ఆరు వారాలు, పన్నెండు నెలలు, ముప్పై రోజులు అని అంకె రాసేస్తాం. ఆ అంకెని ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో మాత్రం కొటేషన్ చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది, పట్టికలోకి వచ్చేసరికి అది రాలిపోతుంది. దాంతో వేర్వేరు చోట్ల మొదలయ్యే మూడు గడువులు పట్టికలో ఒకేలా కనబడతాయి.

మేం రెండు బోర్మా డ్రయ్యర్లు కొన్నప్పటి కథ చెబుతాను. కటింగ్ అయ్యాక పప్పు పైపొట్టు ఊడేందుకు ఆరబెట్టే ఆవిరి డ్రయ్యర్లు అవి. మూడు కొటేషన్లు వచ్చాయి, పన్ను కాకుండా ఒక్కో డ్రయ్యరుకి.

మొదటి కంపెనీ 3,85,000 అంది, లారీ ఖర్చు మనదే. డెలివరీ ఆరు వారాలు, వారంటీ పన్నెండు నెలలు, సగం అడ్వాన్సు, మిగతా సగం సరుకు బయలుదేరే ముందు. రెండో కంపెనీ పలాస చేర్చి 4,10,000 అంది. ఎనిమిది వారాలు, పన్నెండు నెలలు, ముప్పై శాతం అడ్వాన్సు, అరవై శాతం సరుకు దిగాక, ఆఖరి పది శాతం మెషీన్ నడిచిన ముప్పై రోజులకి. మూడో కంపెనీ రవాణాతో కలిపి 3,98,000, అయిదు వారాలు, మళ్లీ పన్నెండు నెలలే, నలభై శాతం అడ్వాన్సు, మిగతాది సరుకు దిగాక.

పాత పద్ధతిలో చూస్తే ధరలో మొదటిది గెలిచింది, డెలివరీలో మూడోది గెలిచింది, వారంటీ ముగ్గురిదీ సమానం, రెండోది ఎందులోనూ లేదు. ఓనరుగారు కూడా అదే అన్నారు, “ఏటమ్మా, అన్నీ పన్నెండు నెలలే కదా, పాతికవేలు ఎక్కువ పెట్టి రెండోవాడి దగ్గర ఎందుకు?”

అప్పుడు ‘ఎప్పటి నుంచి’ నింపాను. మొదటివాళ్ల ఆరు వారాలు మన అడ్వాన్సు వాళ్ల బ్యాంకులో పడిన రోజు నుంచి, వారంటీ డిస్పాచ్ తేదీ నుంచి. మూడోవాళ్ల అయిదు వారాలు మనం డ్రాయింగ్ ఓకే చేసిన రోజు నుంచి. డ్రాయింగ్ ఎప్పుడు పంపుతారని ఫోన్ చేసి అడిగితే పది రోజులు పడుతుందన్నారు. అది వచ్చాక ట్రేల సైజు, స్టీమ్ పైపు ఎటువైపు రావాలన్న మార్పులు మనం రాస్తాం, వాళ్లు సరిచేసి పంపుతారు. అలా చూస్తే అయిదు వారాలు కాస్తా ఏడెనిమిది అయ్యాయి, వారంటీ ఏమో ఇన్వాయిస్ తేదీ నుంచి. రెండోవాళ్ల ఎనిమిది వారాలు పీఓ, అంటే మనం ఇచ్చే కొనుగోలు ఆర్డరు తేదీ నుంచే. వారంటీ మాత్రం కమిషనింగ్, అంటే మెషీన్ బిగించి మొదటిసారి నడిపించిన రోజు నుంచి పన్నెండు నెలలు లేదా డిస్పాచ్ నుంచి పద్దెనిమిది నెలలు, ఏది ముందైతే అది.

మాకు ఇది ఎందుకు ముఖ్యమంటే, మా కొత్త షెడ్డుకి అప్పటికి రేకులే పడలేదు, బాయిలర్ నుంచి స్టీమ్ లైను లాగాలి. ఈ ప్రాంతంలో కొత్త పిక్కలు మార్చిలో రావడం మొదలవుతాయి, అప్పటిదాకా డ్రయ్యర్లకి పనిలేదు. సరుకు నవంబరులో దిగినా మార్చిదాకా గోనెసంచులు కప్పుకుని ఉండాల్సిందే. వారంటీ డిస్పాచ్ నుంచి మొదలైతే అందులో మూడో వంతు మెషీన్ ఒక్కసారైనా తిరక్కుండానే కరిగిపోతుంది.

ధరలో తేడా కూడా పాతికవేలు కాదు. లారీ ఖర్చు పంచితే ఒక్కోదానికి 18,000 పడింది, అంటే మొదటివాళ్లది 4,03,000. బ్యాంకులో వాడుకునే మా క్యాష్ క్రెడిట్ అప్పు మీద వడ్డీ నెలకి ఒక శాతం అనుకుని అడ్వాన్సు మీద లెక్కేస్తే, 1,92,500 నెలన్నర ముందు ఇచ్చినందుకు 2,900 దాకా కలుస్తుంది. రెండోవాళ్లకి 1,23,000 రెండు నెలల ముందు ఇవ్వాలి కాబట్టి 2,460 కలుస్తుంది, ఆఖరి పది శాతం ఏప్రిల్ దాకా మన దగ్గరే ఉంటుంది కాబట్టి 1,800 పైచిలుకు తగ్గుతుంది. చివరికి తేడా అయిదు వేల లోపు. జీఎస్టీ మాకు క్రెడిట్ వస్తుంది కాబట్టి ఎవరికీ కలపలేదు. క్రెడిట్ రాని బడిలాంటివాళ్లు పన్ను కలుపుకునే పోల్చాలి.

రెండోవాళ్లకే పీఓ ఇచ్చాం. నవంబరు ఆఖరున దిగాయి, మార్చి మధ్యలో వాళ్ల టెక్నీషియనే వచ్చి నడిపించి, కమిషనింగ్ రిపోర్టు మీద తేదీ వేసి సంతకం పెట్టి వెళ్లాడు. తరవాతి జనవరిలో ఒక డ్రయ్యరు ఫ్యాను దడదడమని కొట్టుకోవడం మొదలైంది, అదే రోజు మోటారు కాలిన వాసన. విప్పితే ఫ్యాను రెక్క ఒకటి వెల్డింగ్ దగ్గర ఊడి ఉంది, బ్యాలెన్సు పోయి షాఫ్ట్ వంగి, ఆ లోడుకి మోటారు కాలింది. ఫోన్ చేస్తే సర్వీసులో ఉన్నాయన, “నవంబరులో పంపాం మేడమ్, ఏడాది దాటిపోయింది” అన్నాడు. డిస్పాచ్ నుంచి చూస్తే నిజమే, పద్నాలుగో నెల నడుస్తోంది. కమిషనింగ్ నుంచి చూస్తే పదే. పట్టికలో ఆ వరస, దాని ఆధారంగా పీఓలో రాసిన వాక్యం, సంతకమున్న కమిషనింగ్ రిపోర్టు, మూడూ ఫోటో తీసి పంపాను. సాయంత్రానికి మాట మారింది. ఫ్యాను, షాఫ్ట్, టెక్నీషియన్ రాకపోకలు అన్నీ వాళ్లే పెట్టుకున్నారు. వేరే ఏ కొటేషన్ ఒప్పుకున్నా ఆ జనవరికి వారంటీ మిగిలేది కాదు, మొత్తం మా నెత్తినే పడేది.

ఇక్కడే నా సంతోషం కొంచెం తగ్గింది. మోటారు దగ్గర వాళ్లు కదల్లేదు. బాట్-అవుట్ ఐటమ్స్, అంటే వాళ్లు బయట కొని బిగించిన సామాన్లకి, తయారీదారు వారంటీయే వర్తిస్తుందని షరతుల్లో ఉంది. మోటారు, టెంపరేచర్ కంట్రోలరు, గేజీలు అన్నీ అందులోకే వస్తాయి. మోటారు కంపెనీ గడువు వాళ్లు మోటారు కొన్న రోజు నుంచి లెక్క, అది మన చేతిలో లేని తేదీ. మీ రెక్క ఊడబట్టే కదా కాలింది అని వాదించాను, వినలేదు. కాశీబుగ్గలో వైండింగ్ చేయించుకున్నాం. కాబట్టి ‘ఎప్పటి నుంచి’ ఒక్కటే చాలదు, ‘దేనికి’ అని కూడా అడగాలి. ఇప్పుడు వారంటీ గడిలో మోటారు సంగతి విడిగా రాస్తున్నాను.

వారంటీ ఎప్పుడు ముగుస్తుందో పట్టికే చెప్పాలనుకునేవాళ్లకి నేను వాడే ఫార్ములా ఇది. B2లో డిస్పాచ్ తేదీ, C2లో కమిషనింగ్ తేదీ.

```
=IF(C2="",EDATE(B2,18),MIN(EDATE(C2,12),EDATE(B2,18)))
```

ముందు `IF` ఎందుకంటే, కమిషనింగ్ తేదీ ఖాళీగా ఉంటే ఉత్త `MIN` పెట్టిన గడిలో 1900 నాటి తేదీ వస్తుంది, వారంటీ ఎప్పుడో అయిపోయినట్టు కనబడుతుంది. ఎక్సెల్‌లో తేదీ బదులు పెద్ద అంకె వస్తే కంగారు పడొద్దు, ఆ గడి ఫార్మాట్‌ని డేట్‌కి మారిస్తే సరిపోతుంది.

పేమెంట్ విషయంలో ఇంకో మెలిక ఉంది, దీన్ని నేను మొదట్లో అంత పట్టించుకోవాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ఆ రెండో కంపెనీ మధ్యతరహా సంస్థ. అమ్మేది సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థ అయి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఇది ఇన్వాయిస్ నుంచి కాదు, సరుకు మనం తీసుకున్న రోజు నుంచి. దాటితే వడ్డీ ఉంటుంది, పైగా 2023-24 నుంచి ఆ డబ్బు చెల్లించేదాకా ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపనివ్వరు. మాకు డబ్బాలు చేసిచ్చే చిన్న యూనిట్ 60 రోజుల అప్పు ఇస్తానంటే ఓనరుగారికి భలే నచ్చింది, కానీ ఆ 60ని పట్టికలో 45గానే వేశాను. వేస్తే ఆ కొటేషన్ మిగతావాటికంటే చవక కాలేదు. డ్రయ్యర్లకి మేం ఆపుకున్నట్టు పది శాతాన్ని నెలల తరబడి ఆపుకోవడం కూడా అలాంటి చిన్న సంస్థ దగ్గర కుదరదు. అందుకే ఇప్పుడు కొటేషన్‌తోపాటు ఉద్యమ్ సర్టిఫికెట్ కాపీ అడుగుతున్నాను, సంస్థ సూక్ష్మమా, చిన్నదా, మధ్యతరహానా అన్నది అందులోనే ఉంటుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కొటేషన్లలో సగానికి సగం ఈ కాలమ్‌కి జవాబు ఉండదు, ఫోన్ చేయాలి, చెప్పింది మెయిల్‌లో రాసి పంపమనాలి, కొంతమంది విసుక్కుంటారు. ‘స్టాకు ఉంది, వెంటనే’ అనేవాళ్లు మరీ కష్టం, ఎందుకంటే మన పీఓ వెళ్లేలోపు ఆ స్టాకు ఇంకొకరికి అమ్ముడుపోవచ్చు. అలాంటి చోట నేను ‘తేలలేదు’ అని రాసి ఎర్రరంగు వేసి ఉంచుతాను, అంకె వేయను. ఒక్కో షరతు పక్కన ఇంకో కాలమ్ రావడంతో పట్టిక ఏ4 కాగితం మీద అడ్డంగా వేసినా అక్షరాలు కనబడవు. ఓనరుగారికి ఇచ్చే ప్రింట్‌లో గడువుల బదులు అసలు తేదీలు మాత్రం ఉంచి మిగతావి దాచేస్తాను, ఆయనకి అదే బాగుంది.

అట్టపెట్టెలకి, వాక్యూమ్ కవర్లకి నేను ఇదంతా చేయను. వాటికి ధర, ఎప్పుడొస్తాయి, డబ్బు ఎప్పుడివ్వాలి అన్నవి చాలు. కొన్న మెషీన్ మర్నాడే బిగించుకునే ఊళ్లో రైస్‌మిల్లువాళ్లకి డిస్పాచ్‌కీ కమిషనింగ్‌కీ పెద్ద తేడా ఉండదు కాబట్టి, వాళ్లు ధర తక్కువున్న కొటేషన్ తీసుకున్నా నష్టపోరేమో. మాది సీజను వ్యాపారం, సామాను ముందు వస్తుంది, పని తరవాత మొదలవుతుంది. ఆ మధ్యకాలం ఉన్నవాళ్లకైతే ఈ కాలమ్ గట్టిగా సిఫార్సు చేస్తాను, పక్కన బాట్-అవుట్ సామాన్ల గడి కూడా పెట్టుకోండి.