పేజీ నంబరా, షరతు నంబరా, రెండూనా? లీజు దస్తావేజు నోటులో ఏది మేలు

ఎనుమాముల మార్కెట్ పరిసరాల్లో గోదాము కొనాలనుకునేవారు, అందులో అప్పటికే కిరాయిదారు ఉంటే, ఆ లీజు దస్తావేజును వకీలుకు చూపించి మరీ బేరం ముగిస్తారు. హన్మకొండలోని మా ఆఫీసులో జూనియర్లు ఆ దస్తావేజు చదివి, కిరాయి ఎంత, ఎప్పుడెప్పుడు ఎంత పెరుగుతుంది, అడ్వాన్సు ఎవరు తిరిగి ఇవ్వాలి, మరమ్మతులు ఎవరివి అన్న అంశాలను ఒక నోటుగా తయారుచేస్తారు. సీనియర్ దాన్ని అసలుతో సరిచూసిన తర్వాతే అది కక్షిదారు చేతికి వెళ్తుంది. నలభై అంశాల నోటులో ఆధారాలు లేకపోతే సరిచూడటమంటే దస్తావేజు మొత్తాన్ని మళ్లీ చదవడమే అవుతుంది కనుక, ప్రతి అంశం పక్కన అది దొరికిన చోటు రాయాలన్న విషయంలో మాకు భేదాభిప్రాయం లేదు. ఆ చోటును ఎలా రాయాలన్నదే చర్చ.

పేజీ నంబరు ఒక్కటే రాయడం అన్నిటికంటే సులువు, తెర మీద చూసేవారికి వేగం కూడా. అయితే ఏ పేజీ నంబరు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి కాబట్టి, అయిదేళ్ల గోదాము లీజు మా దగ్గరకు సబ్ రిజిస్ట్రార్ ముద్రలతోనే వస్తుంది. ఇటీవల చూసిన ఒక దస్తావేజులో టైపు చేసినవారు మొదటి స్టాంపు కాగితానికి నంబరు వేయకుండా రెండో కాగితం నుంచి లెక్క మొదలుపెట్టారు. రిజిస్ట్రార్ ముద్రలో షీట్ల లెక్క మాత్రం మొదటి కాగితం నుంచే ఉంది. స్కాన్ చేసినవారు ప్రతి కాగితాన్నీ రెండు వైపులా తీశారు. ఫలితంగా కిరాయి పెంపు షరతు ఉన్న ఒకే పుట టైపు నంబరు ప్రకారం 4, షీటు ప్రకారం 5, పీడీఎఫ్‌లో 9. జూనియర్ నోటులో ‘పేజీ 4’ అని రాస్తే, సీనియర్ పీడీఎఫ్‌లో 4వ పేజీ తెరిచి, అక్కడ రెండో కాగితం వెనుక వైపును చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

షరతు నంబరు ఒక్కటే రాస్తే ఈ చిక్కు ఉండదు. అచ్చు ప్రతి చూసినా, స్కాన్ చూసినా, ధ్రువీకృత నకలు చూసినా 6వ షరతు 6వ షరతే. కిరాయిదారు తరఫు వకీలుతో ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా ఇదే ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఆయన ముందున్న ప్రతిలోని పేజీలు మన పేజీలతో కలవకపోవచ్చు. కానీ షరతు నంబర్లకూ వాటి బలహీనతలు ఉన్నాయి. పాత దస్తావేజును కంప్యూటర్లో దిద్ది కొత్తది చేసేటప్పుడు మధ్యలో ఒక షరతు చేర్చి, కింది నంబర్లు మార్చడం మరిచిపోతారు, దాంతో రెండు 8వ షరతులు ఉన్న దస్తావేజులు మాకు తరచూ కనిపిస్తాయి. చివరి షెడ్యూలులో, అంటే గోదాము హద్దులు, వైశాల్యం, మీటరు వివరాలు రాసే చోట, షరతు నంబర్లు అసలే ఉండవు. పైగా ఒక్క షరతే పుటన్నర సాగితే, అందులో ఏ వాక్యమన్నది వెతుక్కోవడం సరిచూసేవారి పనే అవుతుంది.

అందుచేత నా మొగ్గు రెండూ కలిపి రాయడం వైపే. షరతు నంబరు ముందు, పీడీఎఫ్ పేజీ తర్వాత: ‘షరతు 6(ఆ), పీడీఎఫ్ 9’. నోటు తలభాగంలో దస్తావేజు నంబరు, సంవత్సరం, మొత్తం పీడీఎఫ్ పేజీల సంఖ్య రాసి, ఇందులోని పేజీలన్నీ పీడీఎఫ్ లెక్కేనని ఒక్క వాక్యం చేరిస్తే గందరగోళం పోతుంది. కోర్టులో కాగితాల కట్టతోనే పని అయితే షీటు నంబరు వాడవచ్చు, కానీ ఒక నోటులో ఒకే లెక్క ఉండాలి.

ఇంతటితో సరిపోతుందా అంటే, అంకెలున్న అంశాలకు సరిపోదు. పైన చెప్పిన లీజులో నెల కిరాయి 40,000 రూపాయలు, ఏటా 5 శాతం పెంపు. జూనియర్ మూడో ఏడాది కిరాయిని 44,100గా లెక్కగట్టి ‘షరతు 6(ఆ), పీడీఎఫ్ 9’ అని రాశారు. చోటు సరైనదే. అయితే ఆ షరతులో ఉన్నది ‘మొదటి కిరాయిపై ఏటా 5 శాతం’ అని. అంటే ఏటా 2,000 చొప్పున మాత్రమే పెరిగి మూడో ఏడాదికి 44,000 అవుతుంది. ‘అప్పటికి నడుస్తున్న కిరాయిపై’ అని ఉండి ఉంటే 44,100 సరిపోయేది. నెలకు వంద రూపాయల తేడా చిన్నదే కావచ్చు, కానీ ఆధారం రాసి ఉన్న తప్పును ఆధారం లేని తప్పుకన్నా ఎక్కువగా నమ్ముతాం. అందువల్ల డబ్బు, తేదీ, గడువు ఉన్న అంశాల్లో ఆధారంతో పాటు అసలు దస్తావేజులోని నాలుగైదు మాటలను ఉన్నవి ఉన్నట్టు కొటేషన్‌లో పెట్టమంటున్నాం. ఆ మాటలు ఎత్తిరాసేటప్పుడే రాసేవారికి తమ పొరపాటు చాలాసార్లు కనబడుతుంది. అన్ని అంశాలకూ ఇలా ఎత్తిరాయడం మాత్రం వద్దు, నోటు దస్తావేజంత పొడవు అవుతుంది.

ఒకే ఆధారంతో తప్పుదారి పట్టే అంశాలు మరికొన్ని ఉంటాయి. ‘మూడు నెలల నోటీసుతో కిరాయిదారు ఖాళీ చేయవచ్చు’ అన్నది 9(అ)లో ఉండవచ్చు, కానీ మొదటి రెండేళ్లు ఖాళీ చేయరాదన్న నిబంధన 4వ షరతులో విడిగా ఉంటే, 9(అ) మాత్రమే చూసినవారు అంశం సరైనదేనని టిక్కు పెడతారు. ఇలాంటప్పుడు ‘షరతు 9(అ), పీడీఎఫ్ 13, షరతు 4కు లోబడి, పీడీఎఫ్ 7’ అని రెండూ ఒకే వరుసలో రావాలి. తర్వాత సవరణ దస్తావేజు వచ్చి మూడు నెలలను ఆరుగా మార్చి ఉంటే, దాని నంబరు, షరతు కూడా అదే వరుసలో చేరాలి తప్ప నోటు చివర విడిగా ఉండకూడదు.

ఆధారాలను చదువుతూనే రాయడమా, నోటంతా పూర్తయ్యాక చేర్చడమా అన్నదానిలో నాకు సందేహం లేదు, చదువుతూనే రాయాలి. తర్వాత చేర్చేవారు ‘మరమ్మతులు’ అన్న మాటకోసం వెతికి, మొదట దొరికిన షరతును తగిలించేస్తారు. ఆ షరతు కిరాయిదారు చేసిన నష్టానికి సంబంధించినదై, పైకప్పు మరమ్మతుల మాట వేరే చోట ఉండవచ్చు.

అన్నిటికన్నా కష్టమైనది దస్తావేజులో లేని అంశం. సబ్‌లీజు గురించి దస్తావేజు మౌనంగా ఉంటే ‘సబ్‌లీజు: నిషేధం లేదు’ అని రాసి ఆధారం గడి ఖాళీగా వదిలేస్తారు. ఆస్తి బదిలీ చట్టం 108(జె) ప్రకారం, ఒప్పందంలో మరోలా లేనప్పుడు కిరాయిదారు సబ్‌లీజుకు ఇవ్వవచ్చు. కిరాయి నియంత్రణ చట్టం వర్తించే చోట లెక్క వేరు. ఏదేమైనా గోదాము కొనేవారికి ఇది పెద్ద విషయం. ఖాళీ గడి చూసిన సీనియర్‌కు అది నిజంగా లేదో, జూనియర్ చూడలేదో తెలియదు. అక్కడ మేము రాసేది ఇలా ఉంటుంది: ‘షరతులు 1 నుంచి 17, షెడ్యూలు, సవరణ దస్తావేజు చూశాను, దగ్గరి షరతు 11, పీడీఎఫ్ 15, అది గోదాము వాడకం గురించి మాత్రమే.’ సరిచూసేవారు ముందుగా 15వ పేజీనే తెరుస్తారు, ఎందుకంటే నిషేధం ఉంటే గింటే దాగి ఉండేది ‘వాడకం’ షరతులోనే.