డాబా మీద నక్షత్రాల యాప్‌లు: పటం సరైనదే, తప్పేది దిక్సూచి

మూడు చలికాలాలుగా ఇంటిల్లిపాదీ వాడుతున్న యాప్‌లు మూడు: స్టెల్లేరియం, స్కై మ్యాప్, స్టార్ వాక్ 2. ముందు తీర్పు చెప్పేస్తాను. కంటితో చూసేవాళ్లకి ఈ మూడింటి పటాల్లో ఎన్నదగిన తేడా లేదు. ఏ గ్రహం ఏ రోజు ఏ నక్షత్రం పక్కన ఉంటుందో మూడూ ఒకేలా చూపిస్తాయి. తేడా అంతా ఆ పటాన్ని ఆకాశం మీదికి తిప్పి పెట్టడంలో వస్తుంది. ఆ పని చేసేది యాప్ కాదు, ఫోన్‌లోని దిక్సూచి సెన్సర్. ఫోన్ ఎత్తి ఒక చుక్క వైపు పెడితే తెర మీద ఏ పేరు వస్తే అదే ఆ చుక్క పేరు అనుకోవడం వల్లే ఇళ్లలో సగం తప్పులు జరుగుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2025 జనవరి 16న కుజుడు సరిగ్గా సూర్యుడికి ఎదురుగా ఉన్నాడు, అంటే రాత్రంతా కనిపించే స్థితి. ఉత్తర అక్షాంశం 16 డిగ్రీల దగ్గర ఆ రాత్రి ఎనిమిదింటికి తూర్పు ఆకాశంలో, దిగ్మండలం నుంచి సుమారు 29 డిగ్రీల ఎత్తులో, ఎర్రగా మెరుస్తున్న చుక్క కుజుడే. డాబా మీద ఇనుప ట్యాంకు స్టాండు పక్కన నిలబడి ఫోన్ దాని వైపు పెడితే తెర మధ్యలో ప్రోసియన్ అనే నక్షత్రం పేరు వచ్చింది. ఎందుకంటే ప్రోసియన్ కూడా ఆ సమయానికి దాదాపు అంతే ఎత్తులో ఉంది, కాకపోతే కుజుడికి సుమారు 20 డిగ్రీలు కుడి పక్కన. ఎత్తుని చూసేది ఫోన్‌లోని వేరే సెన్సర్. అది భూమ్యాకర్షణని బట్టి పనిచేస్తుంది కాబట్టి సాధారణంగా ఒకటి రెండు డిగ్రీలకి మించి తప్పదు. దిక్కు చూసే సెన్సర్ మాత్రం భూమి అయస్కాంత క్షేత్రం మీద ఆధారపడుతుంది. ఆ క్షేత్రం ఎంత బలహీనమంటే, పక్కన ఉన్న ఇనుము దాన్ని తేలిగ్గా పక్కకి లాగేస్తుంది. అందుకే ఎత్తు సరిగ్గా ఉండి దిక్కు మాత్రం తప్పిపోయి, పక్క నక్షత్రం పేరు నమ్మబలికేలా వచ్చి కూర్చుంటుంది.

ఈ తప్పుని పట్టుకోవడం ఎలా? తెర మీద ఆ పేరుని తాకితే వివరాలు వస్తాయి. ప్రోసియన్ ప్రకాశం 0.4, రంగు తెలుపులో కాస్త పసుపు. కళ్లెదుట ఉన్నదేమో నారింజ ఎరుపు, పైగా ఆకాశంలో అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రం లుబ్ధకుడితో పోటీ పడుతోంది. (ప్రకాశం అంకె ఎంత తక్కువైతే చుక్క అంత ఎక్కువ మెరుస్తుంది. ఆ రోజు కుజుడిది -1.4.) రంగూ ప్రకాశమూ రెండూ కలవలేదంటే పేరు తప్పన్నట్టే. ఇక పక్కవాటిని చూడాలి. కుజుడికి మూడు డిగ్రీల దూరంలో పోలక్స్, దానికి ఇంకో నాలుగున్నర డిగ్రీల అవతల కాస్టర్, మూడూ దాదాపు ఒకే వరుసలో. ఈ కాస్టర్, పోలక్స్ జంటే మన పునర్వసు. ప్రోసియన్ పక్కన అలాంటి వరుస ఏదీ లేదు.

డిగ్రీలంటే భయపడక్కర్లేదు. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు, మధ్య మూడు వేళ్లు కలిపితే 5, చిటికెన వేలి గోరు 1. పిల్లల చేయి చిన్నదైనా పిడికిలి కూడా చిన్నదే కాబట్టి లెక్క దాదాపు అంతే వస్తుంది. కుజుడికీ ప్రోసియన్‌కీ మధ్య రెండు పిడికిళ్లు. మనం తప్పిపోయిందీ అంతే.

తప్పు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడానికి ఒక చిట్కా ఉంది. సందేహం అక్కర్లేని చుక్కని రెండు వేర్వేరు దిక్కుల్లో ఎంచుకోండి. ఆ రాత్రి పడమట కిందుగా శుక్రుడు ఉన్నాడు, పక్కనే శని. శుక్రుణ్ణి ఎవరూ పొరబడరు. నిలబడ్డ చోటు కదలకుండా ఫోన్‌ని శుక్రుడి వైపు పెడితే తెర మీది శుక్రుడు అసలు శుక్రుడికి రెండు పిడికిళ్లకి పైగా ఎడమకి ఉన్నాడు. తూర్పున కుజుడి గుర్తు కూడా అంతే దూరం ఎడమకే ఉంది. రెండు దిక్కుల్లోనూ ఒకే వైపుకి ఒకే అంత తప్పితే దోషం మీరు నిలబడ్డ చోటుది. ట్యాంకు స్టాండు, ఇనుప రెయిలింగు, స్లాబులోని చువ్వలు ఇలాంటివి. రెండు మూడు మీటర్లు పక్కకి జరిగితే చాలాసార్లు సర్దుకుంటుంది, ఎందుకంటే ఇనుము ప్రభావం దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది. అలా కాక తూర్పున ఎడమకీ, పడమట కుడికీ తప్పుతోందంటే దోషం ఫోన్‌తో పాటు తిరుగుతున్నదన్నమాట. మూత దగ్గర అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవరు, కారులో తగిలించడానికి వెనక అంటించిన ఇనుప పలక, ఇవి తరచూ దొరికే దోషులు. కవరు తీసేసి, ఫోన్‌ని గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో ఐదారు సార్లు తిప్పాలి. ఆ తిప్పడం ఫోన్‌లో ఉన్న దోషానికే మందు. స్టాండు పక్కన నిలబడి ఎంత తిప్పినా ఫలితం ఉండదు.

చాప వేసుకుని పడుకుని చూడటం హాయిగా ఉంటుంది గానీ, ఫోన్ స్లాబుకి దగ్గరగా వచ్చిన కొద్దీ చువ్వల ప్రభావం పెరుగుతుంది. దానికి తోడు నడినెత్తి వైపు ఫోన్ పెడితే దిక్కు అనేదానికే అర్థం పోతుంది. తూర్పు, పడమర అన్నీ అక్కడ కలిసిపోతాయి కాబట్టి పటం గిర్రున తిరుగుతుంది. ఇది ఏ యాప్‌లోనైనా జరిగేదే. అన్‌ఇన్‌స్టాల్ చేసి ఇంకోటి వేసుకుంటే పోయేది కాదు.

అందుకే ఇంట్లో ఇప్పుడు స్థిరపడ్డ పద్ధతి ఇది. ఫోన్ ఎత్తి సెన్సర్‌తో ఉజ్జాయింపుగా దిక్కు పట్టుకోవడం, వెంటనే సెన్సర్ ఆపేయడం. స్కై మ్యాప్‌లో ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చే బొత్తం తెర మీదే ఉంది. స్టెల్లేరియంలోనూ సెన్సర్ గుర్తుని తాకితే ఆగిపోతుంది. తరవాత పటాన్ని వేలితో జరిపి, కచ్చితంగా తెలిసిన చుక్కని తెర మధ్యకి తెచ్చుకుని, అక్కడి నుంచి పిడికిళ్లతో కొలుచుకుంటూ వెళ్లడమే. సెన్సర్ నడుస్తున్నంత సేపూ పిల్లలు తెరనే చూస్తారు. ఆపేశాక తల పైకెత్తుతారు.

పటం పరిమాణం దగ్గర ఇంకో చిక్కు ఉంది. దీన్ని దాటితే గానీ నక్షత్ర మండలాలు పట్టుబడవు. ఆర్ద్ర నుంచి రైగెల్ దాకా, అంటే వేటగాడి భుజం నుంచి పాదం దాకా, ఆకాశంలో దాదాపు రెండు పిడికిళ్లు. ఫోన్ తెర మీద అదే బొమ్మ రెండు వేళ్లంత ఉంటుంది. కొత్తవాళ్లు ఆకాశంలోనూ ఆ రెండు వేళ్లంత బొమ్మ కోసం వెతికి, కృత్తికల గుంపుని చూసి సప్తర్షి మండలం అనుకుంటారు. కృత్తికలు చూపుడు, మధ్య వేళ్లు కలిపితే దాదాపు కనుమరుగవుతాయి. సప్తర్షి మండలమైతే రెండున్నర పిడికిళ్ల పొడుగు. తెర మీద రెండు వేళ్లు ఎడంగా జరిపి, ఫోన్‌ని చేయి చాచి పట్టుకుని, తెర మీది బొమ్మ ఆకాశంలో దానంతే అయ్యేదాకా జూమ్ సర్దుకోవచ్చు. అలా చేస్తే తెరలో ఆకాశం ముక్క చాలా తక్కువ పడుతుంది. దారి చూసుకోవడానికి పనికిరాదు గానీ, పరిమాణం ఒక్కసారి కంటికి అలవాటవడానికి ఇంతకి మించిన మార్గం లేదు.

యాప్ చూపే చుక్కల సంఖ్య కూడా తప్పుదారి పట్టిస్తుంది. వీధిదీపాల వెలుగులో కంటికి ఆనేది మూడు, మూడున్నర ప్రకాశం దాకానే. తెర మీద వేల చుక్కలు. స్టెల్లేరియంలో కాంతి కాలుష్యం స్థాయి పెంచితే మసక చుక్కలు తగ్గిపోయి, తెర మన డాబా ఆకాశంలాగే బోసిగా అవుతుంది. మూడింట్లో దానికే నా ఓటు వేయడానికి పెద్ద కారణం ఇదే. యురేనస్, నెప్ట్యూన్ పేర్లు తెర మీద కనిపించినా డాబా మీంచి వెతకవద్దు. యురేనస్ కంటిచూపు అంచున ఉంటుంది, నెప్ట్యూన్‌కి పరికరం తప్పనిసరి. ఇంకో మాట, దిగ్మండలం కిందకి దిగిపోయిన గ్రహాల పేర్లు కూడా కొన్ని యాప్‌లు చూపిస్తాయి. ఫోన్ నేల వైపు ఉంటే కనిపించే గురుడు భూమికి అవతల ఉన్న గురుడే.

స్టార్ వాక్ 2 బొమ్మలు ముచ్చటగా ఉంటాయి, చిన్నపిల్లలకి నచ్చుతాయి. అయితే ఆ సింహం, ఎద్దు బొమ్మలు ఆకాశంలో లేవు కాబట్టి గుర్తుపట్టే సమయానికి వాటిని ఆపి గీతలు మాత్రమే ఉంచాలి.

ఎరుపు తెర గురించి క్లుప్తంగా. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి మెరుపుతో అది పోతుంది. తెరని ఎర్రగా మార్చే రాత్రి మోడ్ పెట్టినా వెతకడానికి టైపు చేయబోతే కీబోర్డు చాలా ఫోన్లలో తెల్లగానే వస్తుంది. కాబట్టి ఆ రాత్రి చూడాల్సినవాటి పేర్లు కిందే చూసుకుని రావడం మేలు. పైన ఒక్క ఫోన్ చాలు.

కాలాన్ని జరిపే సౌకర్యం మూడింట్లోనూ ఉంది. తక్కువ మంది వాడే ఈ పనిలోనే యాప్ నిజంగా పుస్తకాన్ని మించుతుంది. పోలక్స్‌ని ఎంచుకుని తెర మధ్యలో ఉంచి, సమయం రాత్రి పదకొండు దగ్గరే ఆపి, 2024 డిసెంబరు మొదటి వారం నుంచి తేదీలు ఒక్కొక్కటిగా జరపండి. కుజుడు ఆగి, వెనక్కి మళ్లి, జనవరిలో పోలక్స్ పక్కగా సాగి, ఫిబ్రవరి ఆఖరి వారంలో మళ్లీ ఆగి ముందుకి తిరుగుతాడు. పోలక్స్‌ని మధ్యలో ఉంచకపోతే ఆకాశమంతా రోజుకో డిగ్రీ పడమటికి జారుతుంది, ఏది గ్రహం కదలికో ఏది ఆకాశం కదలికో తేలదు.

లొకేషన్ అనుమతి ఇవ్వడం ఇష్టం లేకపోతే ఊరిని చేత్తో పెట్టుకోవచ్చు. వంద కిలోమీటర్లు తప్పినా ఆకాశం ఒక డిగ్రీకి మించి మారదు. ఫోన్ గడియారం నాలుగు నిమిషాలు తప్పినా దాదాపు అంతే. చవక ఫోన్లు కొన్నింటిలో దిక్సూచి సెన్సరే ఉండదు, అలాంటివాటిలో ఫోన్ ఎటు తిప్పినా పటం సరైన దిక్కుకి రాదు. ఆ ఫోన్లోనూ మాన్యువల్ పద్ధతి మాత్రం ఏ లోటూ లేకుండా పనిచేస్తుంది. సూర్యుడు అస్తమించిన చోటు గుర్తుపెట్టుకుంటే పడమర ఎటో ఎలాగూ తెలుస్తుంది.