పెగ్గుల లెక్కా, రోజుల లెక్కా?

"రెండు పెగ్గులే" అంటారు మా ఆయన. "క్వార్టర్ ఖాళీ చేశారు" అంటాను నేను. ఏడాది పాటు ఇదే గొడవ. నేను గోరంతలు కొండంతలు చేస్తానని ఆయన, ఆయన అబద్ధమాడుతున్నారని నేను. చివరికి తేల్చింది మా పాప పాలసీసా.

ఒక ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక, ఆయన గ్లాసులో రోజూ పోసుకునేంత నీళ్లు పోయమన్నాను. ఆ నీళ్లను పాలసీసాలోకి వంపితే 90 గీత దగ్గర ఆగాయి. బార్‌లో స్మాల్ అంటే 30 మి.లీ., లార్జ్ అంటే 60. ఆయన చేతి పెగ్గు ఒక్కటే మూడు స్మాళ్లు. రెండు పోస్తే 180, అంటే సరిగ్గా క్వార్టర్. మేమిద్దరం నిజమే చెబుతున్నాం!

మామూలు విస్కీ 42.8 శాతం కాబట్టి, క్వార్టర్‌లో ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు ఉంటుంది. ఒక్క విడతలో అంత తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కిందే లెక్కేస్తుంది. నా ఏడుపుకి తగ్గని మనిషి ఈ అంకెకి కాసేపు మాట్లాడలేదు. "పోనీ బీరు తాగుతాలే" అన్నారు తర్వాత. 7.5 శాతం స్ట్రాంగ్ బీరు 650 సీసా ఒక్కటీ దాదాపు రెండు లార్జ్‌లతో సమానం, కాబట్టి అదీ దారి కాదు.

ఆయన కోరింది పెగ్గుల పరిమితి: రోజుకి రెండు స్మాళ్లు, కొలిచి. నేను కోరింది పూర్తిగా మానేయడం. మధ్యలో రోజుల పరిమితి అనుకున్నాం, వారంలో శనివారం ఒక్కటే. ముందు ఆయన మాటే పట్టుకుని చూశాం.

స్టీలు పెగ్ మెజర్ కొన్నాం. ఇంట్లో పది రోజులు బాగానే నడిచింది. బయట స్నేహితులు పోసినప్పుడు మెజర్ ఎక్కడిది? అసలు చిక్కు వేరే ఉంది. మూడోది పోసుకోవాలా వద్దా అని తేల్చాల్సింది అప్పటికే రెండు తాగిన మనిషి. ఇక నా సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. సీసా మీద పెన్నుతో గీతలు పెట్టి, పొద్దున్నే లేచి చూసుకునేదాన్ని. కాపురం కాస్తా కాపలా అయింది.

రోజుల లెక్కలో ఆ బాధ లేదు. ఇవాళ శనివారమా కాదా, అంతే. బుధవారం పెళ్లి రిసెప్షన్‌లో ఎవరైనా బలవంతపెడితే "ఇవాళ కాదురా" అనడం, "రెండే తాగుతా" అనడం కన్నా సులువని ఆయనే అన్నారు. లోపం లేకపోలేదు. మూడో శనివారం వారమంతటి కరువూ ఒక్క రాత్రే తీర్చుకున్నారు, హాఫ్ దాకా వెళ్లింది. ఇంకోసారి "పోయిన వారం తాగలేదుగా, అది బాకీ" అన్నారు. అప్పుడు రెండు షరతులు కలిపాం. బాకీలు ఉండవు. ఇంట్లో ఫుల్ బాటిల్ ఉండదు, శనివారం ఒక్క 90 సీసా కొనాలి. సీసాయే కొలత, అయిపోతే అయిపోయినట్టే. ఫుల్ కొంటే కలిసొస్తుందని గొణుగుతూనే ఒప్పుకున్నారు. ఆ తొంభై కూడా ఒంటికి మంచిదేం కాదు, కానీ వారానికి ఏడు క్వార్టర్ల నుంచి అక్కడికి రావడం నాకు చిన్న సంగతిగా అనిపించలేదు.

ఇవన్నీ పొద్దున మాట్లాడుకున్నవే. రాత్రి తాగి ఉన్నప్పుడు అడిగితే అన్నిటికీ సరే అంటారు, లేదా అన్నిటికీ అరుస్తారు, పొద్దున ఏదీ గుర్తుండదు. మా అత్తగారితో చెప్పించి చూశాను, ఆయన పరువు పోయిందని మొండికేశారు. "తాగుబోతు" అన్న ప్రతిసారీ మా మాటలు అక్కడే ఆగిపోయేవి. ఒకరోజు మాత్రం "అర్ధరాత్రి పాపకి జ్వరమొస్తే బండి ఎవరు తీస్తారు?" అని అడిగాను. ఒంట్లో ఆల్కహాల్ గంటకి ఏడు నుంచి పది గ్రాములే కరుగుతుంది, క్వార్టర్ దిగడానికి తెల్లారిపోతుంది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. శనివారం నియమం ఆ పూటే పుట్టింది.

ఈ బేరాలు అందరికీ కుదరవు. పొద్దున చేతులు వణికి, ఒక గుక్క పడితేగానీ కుదురుకోని మనిషికి ఏ పరిమితీ పనిచేయదు. అలాంటివాళ్లు ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి డాక్టర్ దగ్గరే మానాలి. దారి తెలియకపోతే 14446కి ఫోన్ చేయొచ్చు, అది ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. తెలియకుండా కూరలో తాగుడు మాన్పించే మాత్రలు కలపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ఆస్పత్రి పాలవుతారు. చెయ్యి చేసుకునే మనిషితో మాత్రం పరిమితుల మాట ఎత్తకుండా, ముందు సురక్షితమైన చోటికి వెళ్లాలి.

పోయిన శనివారం ఆయన సీసాలో ఒక స్మాల్ మిగిల్చారు. అది ఇంకా వంటింటి అటక మీదే ఉంది. ఎంత ఉందో నేను చూడలేదు, ఆయన చెప్పారు.